వజ్రాలను రూపాయల్లోకి మారిస్తే: ఒక షూటింగ్ గేమ్ షాపు సమీక్ష

చాలాకాలంగా ఆడుతున్న గేమ్ ఇది. మ్యాచులు బాగుంటాయి, మామూలు ఫోన్లోనూ సాఫీగా నడుస్తుంది. లోపలి షాపుకు మాత్రం మంచి మార్కులు వేయలేను. అక్కడ ఏ వస్తువుకీ రూపాయల్లో ధర ఉండదు. వజ్రాల్లో ఉంటుంది, ఆ వజ్రాలేమో ప్యాకుల్లోనే అమ్ముతారు.

ఇలాంటి గేముల్లో కనిపించే మాదిరి ధరలతో లెక్క చూడండి. 60 వజ్రాలు 89 రూపాయలు, 325 అయితే 449, 660 అయితే 899. సీజన్ పాస్ 360 వజ్రాలు. 449 ప్యాక్ కొంటే సరిగ్గా 35 తక్కువ పడతాయి, కాబట్టి ఇంకో 89 పెట్టాలి. అంటే పాస్ ఖరీదు 538 రూపాయలు. మిగిలిన 25 వజ్రాలతో ఏదీ రాదు. అవి వృథా అవుతాయేమోనని మళ్లీ ప్యాక్ కొనిపించడమే ఆ మిగులు చేసే పని.

అసలు ఖర్చు లక్కీ డ్రా లాంటి స్పిన్‌లో ఉంది. పది స్పిన్లకు 540 వజ్రాలు, 80వ స్పిన్ లోపు గన్ స్కిన్ గ్యారంటీ అనుకుందాం. అదృష్టం కలిసిరాకపోతే 4,320 వజ్రాలు కావాలి. 899 ప్యాకులు ఏడు కొంటే 6,293 రూపాయలు, 300 వజ్రాలు మిగులుతాయి. ఆరు కొని, పైన 449, 89 ప్యాకులు చెరొకటి తీసుకుంటే 5,932తో సరిపోతుంది. ఎలా కొన్నా అమీర్‌పేటలో షేరింగ్ హాస్టల్ నెల అద్దెంత! స్పిన్ మొదలుపెట్టే ముందే గ్యారంటీ దాకా అయ్యే మొత్తం లెక్కేసుకోండి. ఆ డబ్బు పెట్టడం ఇష్టం లేకపోతే మొదటి స్పిన్ కూడా వద్దు. ఇంకొకటి, 'మొదటిసారి డబుల్' ఆఫర్ సాధారణంగా ఒక్కో ప్యాకుకు ఒక్కసారే. ఆ రేటుతో మిగతా కొనుగోళ్లను అంచనా వేస్తే లెక్క తప్పుతుంది.

ఇప్పటిదాకా ఎంత పోయిందో ప్లే స్టోర్‌లో తెలుస్తుంది. ప్రొఫైల్ బొమ్మ నొక్కి Payments & subscriptions, అందులో Budget & history తెరవండి. అక్కడే నెలకు బడ్జెట్ పెట్టుకోవచ్చు గానీ, అది హెచ్చరిస్తుందంతే, కొనుగోలును ఆపదు. రీడీమ్ కోడ్‌తో బ్యాలెన్స్ వేసుకునేవాళ్లు ఈ పేజీ తప్పకుండా చూడాలి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కోడ్ కొన్నట్టే ఉంటుంది, ఏ గేముకు పోయిందో ఉండదు. పైగా ఆ బ్యాలెన్స్ ఖర్చయ్యేటప్పుడు యూపీఐ పిన్ అడగదు. పిల్లల చేతికి ఫోన్ ఇచ్చే ఇంట్లో ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా సెట్టింగ్ మార్చి తీరాలి. పొరపాటున కొన్నది 48 గంటల లోపైతే ప్లే స్టోర్‌లోనే రీఫండ్ అడగండి. వజ్రాలు ఖర్చు పెట్టకముందే అడగడం మేలు.

నెలవారీ మెంబర్‌షిప్ ఆటోపేతో తీసుకుని ఉంటే, గేమ్ డిలీట్ చేసినంత మాత్రాన అది ఆగదు. Subscriptions లోకి వెళ్లి రద్దు చేయాలి. తర్వాత యూపీఐ యాప్‌లో ఆటోపే జాబితా తెరిచి, అక్కడా పోయిందో లేదో చూసుకోండి.