సోలార్ మోడల్, పాట కలిపి అమ్ముతుంటే ముందు ప్యానెల్ మీద చెయ్యి పెట్టి చూడండి

గుంటూరు, విజయవాడ పేరెంట్స్ ఎవరైనా పిల్లల సైన్స్ ఎగ్జిబిషన్ కోసం రెడీమేడ్ మోడల్ కొనబోతుంటే ఒక్క నిమిషం ఆగి ఇది చదవండి. షాపు పేరు చెప్పను, కానీ ఇలాంటివి ఆ ఒక్కచోటే ఉంటాయని నేననుకోను.

మా పాప నాలుగో క్లాసు. సోలార్ ఎనర్జీ వచ్చింది తనకి. ఆఫీసు పని మీద విజయవాడ వెళ్ళినప్పుడు గవర్నర్‌పేటలో ఒక షాపులో థర్మాకోల్ ఇల్లు, పైన ప్యానెల్, ముందు చిన్న ఫ్యాను, దాంతోపాటు చెప్పడానికి ప్రాసలో రాసిన పాట కాగితం, అన్నీ కలిపి 850 అన్నాడు. షాపులో స్విచ్ వేస్తే ఫ్యాను గిర్రున తిరిగింది, ఇంకేం కావాలి అనుకుని తెచ్చేశా. బిల్లు అడిగితే చీటీ మీద అంకె రాసిచ్చాడు, నేనూ పట్టించుకోలేదు, అది నా బుద్ధి తక్కువ.

పాట ఇలా మొదలవుతుంది:

సూర్యుడి వేడిని పట్టేస్తా, కరెంటుగా మార్చేస్తా
రాత్రీ పగలూ తేడా లేక బల్బులన్నీ వెలిగిస్తా

పాప రెండు రోజుల్లో బట్టీ పట్టేసింది. ఎగ్జిబిషన్ రోజు చేతులు తిప్పుతూ బాగా చెప్తోంది కూడా. జడ్జిగా వచ్చిన సైన్స్ మేడం ఏమీ అనకుండా ప్యానెల్ మీద అరచెయ్యి పెట్టారు. ఫ్యాను ఆగలేదు. పాప పాడుతూనే ఉంది, ఫ్యాను తిరుగుతూనే ఉంది. మేడం నెమ్మదిగా ఇంటి కప్పు ఎత్తితే లోపల సెల్లోటేపు వేసి అంటించిన 9 వోల్టుల బ్యాటరీ, ప్యానెల్ వైర్లు థర్మాకోల్‌లో గుచ్చి వదిలేసి ఉన్నాయి, దేనికీ కలపలేదు. "అది మేం పెట్టలేదు మేడం, షాపు అంకుల్ పెట్టాడు" అంది పాప. నాకైతే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

ఇంటికొచ్చాక మా బావమరిది (ఎలక్ట్రీషియన్) మల్టీమీటర్ తెచ్చాడు. ప్యానెల్ వెనక 6 వోల్టులు అని ఉంది, ముందు లెక్కపెడితే నాలుగే ముక్కలు. ఒక్కో సిలికాన్ ముక్క సుమారు అర వోల్టే ఇస్తుందట, అది చిన్నదైనా పెద్దదైనా అంతే, సైజు పెరిగితే కరెంటు పెరుగుతుంది గానీ వోల్టేజీ కాదు. అంటే 6 వోల్టులకి పన్నెండు ముక్కలు వరసగా కలిపి ఉండాలి. ఎండలో పెట్టి చూస్తే మీటర్ రెండు దాటి కొంచెం చూపించింది, మోటర్ తగిలించగానే అదీ పడిపోయింది. మోటర్ అడిగినంత కరెంటు ఇవ్వలేకపోయింది పాపం.

నాకు తెలీని ఇంకో సంగతి, హాల్లో ట్యూబ్ లైట్ కింద మంచి ప్యానెల్ పెట్టినా ఫ్యాను తిరగదు. వెలుతురుని లక్స్‌లలో కొలుస్తారట, మధ్యాహ్నం ఎండ లక్ష లక్స్ దాకా ఉంటే ట్యూబ్ లైట్ ఉన్న గదిలో మూడు నాలుగు వందలే. మన కంటికి రెండూ వెలుతురే, ప్యానెల్‌కి మాత్రం వందల రెట్లు తేడా. అందుకే ఆ షాపువాళ్ళు బ్యాటరీ దాచారు. బ్యాటరీ పెట్టడం తప్పని కాదు, పగలు ఛార్జ్ చేసి రాత్రి వాడుకోవడానికి రీఛార్జబుల్ పెట్టి అదే చెప్తే బ్రహ్మాండంగా ఉంటుంది, ఇక్కడ పెట్టింది మామూలు పారేసే బ్యాటరీ.

ఇక పాటలో "వేడి" అనేది పచ్చి తప్పు. కరెంటు వచ్చేది వెలుతురు నుంచి. వేడెక్కితే ప్యానెల్ ఇచ్చేది ఇంకా తగ్గుతుంది, మన మే నెల ఎండల్లో అదే జరుగుతుంది.

పన్నెండు ముక్కల ప్యానెల్, తక్కువ కరెంటుతో తిరిగే చిన్న మోటర్ కొని మేమే మళ్ళీ కట్టాం, స్కూల్లో ఇంకోసారి చూపించమన్నారు కాబట్టి. ఈసారి వరండాలో ఎండ పడే చోటు అడిగాం. పాట కూడా మార్చాం, కావాలంటే వాడుకోండి:

నీలం రంగు పలకను నేను, సిలికాన్‌తో పుట్టాను
వేడి నాకు వద్దండీ, వెలుతురు ఉంటే చాలండీ
వెలుగు వచ్చి తాకిందా, ఎలక్ట్రాన్ కదిలిందా
వైరు దారి పట్టిందా, ఫ్యాను గిర్రున తిరిగిందా
ఒక్క ముక్కకు అర వోల్టు, పన్నెండైతే ఆరోల్టు
చెయ్యి అడ్డం పెట్టారా, ఫ్యాను ఆగింది చూశారా
చెయ్యి పక్కకు తీశారా, మళ్ళీ తిరిగింది చూశారా

చివరి రెండు లైన్లకి పాపే చెయ్యి పెట్టి తీస్తుంది, జడ్జి అడిగేదాకా ఆగదు. "ఆరోల్టు" అంటే ఆరు వోల్టులే, ప్రాస కోసం నొక్కేశాం, తిట్టకండి.

డబ్బులు అడగడానికి వెళ్తే "అందరూ ఇదే తీసుకెళ్తారు సార్, మార్కులు వస్తాయి" అన్నాడు, పైసా ఇవ్వలేదు. మొన్న మళ్ళీ అటు వెళ్తే అదే ఇల్లు షోకేసులో ఉంది. ట్యూబ్ లైట్ కింద ఫ్యాను హాయిగా తిరుగుతోంది.