వార్మ్ వైటా, కూల్ వైటా? ముందు గోడ రంగు చూడండి

"ఇంటికి రంగులు వేయిస్తున్నాం. లైట్లు పసుపువి పెట్టించమంటారా, తెల్లవా?" ఈ నెలలో ఐదారుగురు అడిగిన ప్రశ్న ఇది. చాలామంది కరెంటు ఖర్చు దగ్గర మొదలుపెడతారు. 9 వాట్ల ఎల్ఈడీ పసుపుదైనా తెల్లదైనా బిల్లు ఒకటే కాబట్టి దాన్ని పక్కన పెడదాం. నా మట్టుకు తేల్చుకోవలసింది ఒక్కటే: పొద్దుగూకాక మీ గోడ, తలుపు, సోఫా ఏ రంగులో కనబడాలి?

మొన్న మా అక్క పడగ్గదికి లేత లావెండర్ వేయించింది. మధ్యాహ్నం పెయింటరు పని ముగించి వెళ్ళేసరికి గోడ అచ్చం షేడ్ కార్డులో ఉన్నట్టే ఉంది. రాత్రి లైటేస్తే బూడిద కలిసిన మట్టిరంగు! "డబ్బా మార్చి వేసినట్టున్నాడే, రేపు పిలిచి అడగాలి" అని నాకు ఫోను చేసింది. వెళ్ళి చూస్తే గదిలో ఉన్నది 3000 కెల్విన్ వార్మ్ వైట్, అంటే పసుపు వెలుగు. ఈ కెల్విన్ అంకె పెరిగేకొద్దీ వెలుగు తెల్లబడి నీలం వైపు తిరుగుతుంది. "తప్పు పెయింటరుది కాదక్కా" అని, వంటింట్లోని 6500 కెల్విన్ కూల్ వైట్ బల్బు తెచ్చి అక్కడ బిగించాను. లావెండర్ తిరిగొచ్చింది.

గోడ తనంతట తాను రంగును పుట్టించదు. మీద పడిన వెలుగులో కొంత మింగి, మిగతాది వెనక్కి పంపుతుంది. వార్మ్ వైట్‌లో నీలం పాలు బాగా తక్కువ. లావెండర్‌కి ఊపిరే ఆ నీలం. అది అందకపోతే మిగిలేది మురికిపట్టిన గులాబీ రంగు. లేత నీలం, నీలం ఛాయ ఉన్న గ్రే కూడా ఈ వెలుగులో ఇలాగే చప్పబడతాయి. తెల్లగోడ మీగడ రంగుకి తిరుగుతుంది.

అదే బల్బు కింద క్రీము, గంధం, ఇటుక రంగులు నిండుగా కనబడతాయి. టేకు తలుపు దగ్గర తేడా ఇంకా బాగా తెలుస్తుంది. వార్మ్ వైట్‌లో చెక్కలోని ఎర్రటి చారలు పైకి తేలతాయి. 6500 కెల్విన్‌లో అదే తలుపు మీద దుమ్ము పట్టినట్టుంటుంది, క్రీము గోడ పాలిపోతుంది, మనుషుల మొహాలూ అలసినట్టు కనబడతాయి.

ఇక్కడే నా మొగ్గు వార్మ్ వైపు. మన ఇళ్ళలో ఎక్కువగా ఉండేవి చెక్క, క్రీము గోడలు, ఇత్తడి సామాను. పైగా కూల్ వైట్‌లో పగటి రంగు ఉంటుంది కానీ పగటి వెలుతురు ఉండదు. పెద్ద హాల్లో ఒకటీ అరా బల్బులు పెడితే మబ్బుపట్టిన సాయంత్రంలా ఉంటుంది. అయితే నీలం, లావెండర్, చల్లటి గ్రే గోడలున్న గదికి వార్మ్ వైట్ చెప్పను.

చీర కొనేటప్పుడు కొట్టు గుమ్మం దాకా తెచ్చి ఎండలో చూసుకుంటాం కదా. గోడ రంగుని దానికి తిరగేసి, రాత్రి బల్బు కింద చూడాలి. అనుకున్న రంగు చిన్న డబ్బా తెచ్చి, తెల్ల చార్టు మీద రెండు కోట్లు వేసి, పూర్తిగా ఆరనివ్వండి. రాత్రి ఎనిమిదింటికి దాన్ని తలుపు పక్కన గోడకి అంటించి, ముందు ఒక బల్బు, తర్వాత రెండోది వేసి చూడండి. బల్బు మార్చిన వెంటనే తేల్చేయకండి. కంటికి ఆ వెలుగు అలవాటు కావడానికి రెండు మూడు నిమిషాలు పడుతుంది. ఒకే గదిలో రెండు రకాలూ వెలిగిస్తే ఆ అలవాటు కుదరక, ఒక గోడ పసుపుగా, ఇంకోటి నీలంగా కనబడుతూనే ఉంటాయి.

బల్బు డబ్బా మీద సీఆర్ఐ అంకె కూడా చూడండి. రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత అది, పూర్తి మార్కులు 100. మామూలు ఎల్ఈడీలకి 80 ఉంటుంది. అలాంటి వాటిలో ముదురు ఎరుపు తగ్గుతుంది కాబట్టి వార్మ్ వైట్ పెట్టినా ఎర్ర సోఫా గోధుమరంగుకి దిగుతుంది. 90 ఉన్నది కాస్త ఖరీదు, కానీ హాలుకి పెట్టదగ్గ ఖర్చు.

వార్మ్, కూల్, మధ్యరకం అని మూడు రంగులు మారే బల్బులు ఎటూ తేల్చుకోలేనివాళ్ళకి పనికొస్తాయి. వంటింటికి, చదువుకునే బల్లకి కూల్ వైట్ పెట్టేయండి.

అక్కకి పడుకునే గదిలో 6500 తెలుపు నచ్చలేదు, గోడ మళ్ళీ వేయించే ఓపికా లేదు. చివరికి 4000 కెల్విన్, సీఆర్ఐ 90 ఉన్న బల్బు పెట్టాం. లావెండర్ పగటికన్నా ఒక పిసరు మందంగా ఉంది కానీ, లావెండర్‌లాగే ఉంది.