రెండున్నరేళ్లు వాడిన తరువాత: బల్క్ మెసేజ్ రిపోర్టులో ఏ అంకెను నమ్మవచ్చు

గుంటూరులో మాది పచ్చళ్ల వ్యాపారం. పాత కొనుగోలుదారుల నంబర్లు సుమారు 4,000 మా దగ్గర ఉన్నాయి. వాట్సాప్, ఎస్సెమ్మెస్ రెండూ ఒకే ఖాతా నుంచి పంపి, ఎంతమందికి చేరింది, ఎంతమంది చదివారు, ఎవరు జవాబిచ్చారు, ఎవరు వద్దన్నారు, ఎన్ని ఆర్డర్లు వచ్చాయి అన్నది ఒకే పట్టికలో చూపే సేవను రెండున్నరేళ్లుగా వాడుతున్నాము. పంపడంలో ఈ సేవ మాకు ఎన్నడూ ఇబ్బంది కలిగించలేదు కాబట్టి ఆ సంగతి ఇక్కడితో వదిలి, రిపోర్టు గురించే రాస్తున్నాను. అందులోని ప్రతి గడి వెనుక ఏమి లెక్కిస్తున్నారో తెలుసుకోవడానికి మాకు దాదాపు ఏడాది పట్టింది.

గత ఏప్రిల్‌లో కొత్త ఆవకాయ ఆర్డర్ల కోసం పంపిన మెసేజ్‌నే ఉదాహరణగా తీసుకుంటాను. 3,600 మందికి వాట్సాప్‌లో పంపితే 3,000 మందికి చేరింది, 1,800 మంది చదివారు. రిపోర్టు పైభాగంలో చదివినవారు 60 శాతం అని పెద్ద అక్షరాలతో కనిపించింది. అది చేరినవారిలో 60 శాతం. మేము పంపిన 3,600 మందిలో అయితే సగమే. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ, చేరనివారు ఎవరో చూస్తే దాని బరువు తెలుస్తుంది. చేరని 600లో 340 నంబర్ల పక్కన `131049` అనే కోడ్ ఉంది. ఒక వ్యక్తికి అన్ని వ్యాపారాల నుంచి కలిపి ఎన్ని ప్రచార మెసేజ్‌లు వెళ్లాలో వాట్సాప్ ఒక హద్దు పెట్టుకుంటుంది, చదివే అవకాశం తక్కువగా ఉన్న వాటిని ముందుగా ఆపుతుంది. ఆ హద్దు తగిలిందని చెప్పే కోడ్ అది. అంటే, చదవకపోవచ్చు అనుకున్నవారిని వాట్సాపే ముందుగా తీసివేస్తోంది, మిగిలినవారిలో మన రిపోర్టు శాతం కడుతోంది. మెసేజ్‌లు ఆగేకొద్దీ చదివినవారి శాతం పెరుగుతుంది. రెండేళ్ల కిందట మా శాతం పెరుగుతోందని మేము సంతోషించిన నెలల్లోనే మా మెసేజ్ అందుకున్నవారి సంఖ్య తగ్గుతూ వచ్చిందని పాత ఫైళ్లు తిరగేసినప్పుడు బయటపడింది. పైగా నీలం టిక్కులు ఆపుకున్నవారు మెసేజ్ పూర్తిగా చదివినా ఈ లెక్కలోకి రారు. అందుకే ఇప్పుడు మేము చదివినవారి సంఖ్యను, పంపిన మొత్తం సంఖ్యతోనే భాగించి చూస్తున్నాము, అది కూడా ఒక నెలను మరో నెలతో పోల్చడానికి మాత్రమే.

వాట్సాప్‌లో చేరని 600 మందికి మరుసటి రోజు ఎస్సెమ్మెస్ వెళ్లేలా ఏర్పాటు చేశాము. 510 మందికి `DELIVRD`, అంటే చేరింది అని వచ్చింది. ఫోన్ ఆపి ఉన్నవారికి గడువు దాటాక `EXPIRED` అని వస్తుంది. ఎస్సెమ్మెస్‌లో చదివారా లేదా అన్నది తెలియదు, ప్రచార ఎస్సెమ్మెస్‌లో పంపినవారి స్థానంలో కనిపించే హెడర్‌కు తిరిగి జవాబు పంపడమూ కుదరదు. ఇక్కడ గమనించవలసినది ఖర్చు. తెలుగు లిపిలో ఒక ఎస్సెమ్మెస్‌కు 70 అక్షర స్థానాలే దొరుకుతాయి, అది దాటితే భాగానికి 67. ఒత్తులు, గుణింతాలు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. మా 150 స్థానాల సందేశం మూడు భాగాలైంది. రిపోర్టులో 600 అని, బిల్లులో 1,800 అని ఉండడానికి కారణం అదే, రెండూ సరైనవే.

నాకు ఈ సేవతో అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించినది వద్దన్నవారి గడి. ఒక రోజు తెనాలి నుంచి మా పాత ఖాతాదారు ఒకావిడ ఫోన్ చేసి, “వద్దని రెండుసార్లు రాశానండీ, అయినా పంపుతూనే ఉన్నారు, మీ దగ్గర కొనడమే మానెయ్యమంటారా?” అని అడిగారు. ఆవిడ రాసినది మా ఇన్‌బాక్స్‌లో ఉంది: “వద్దు”. సేవ మాత్రం `STOP` అనే ఒక్క మాటనే గుర్తుపట్టేలా అమర్చి ఉంది, కాబట్టి ఆవిడ “వద్దు”లు రెండూ జవాబుల గడిలో చేరి మా జవాబుల సంఖ్యను పెంచాయి. ఆ సాయంత్రం కూర్చుని గత మూడు నెలల జవాబులన్నీ చదివితే, ఆర్డరు పట్ల ఆసక్తి అని మేము లెక్కవేసుకున్న వాటిలో అలాంటివి 41 కనిపించాయి. ఆ 41 నంబర్లను అదే రోజు చేత్తో తొలగించి, “వద్దు”, “ఆపండి”, `vaddu`, `apandi` అనే మాటలను సెట్టింగుల్లో చేర్చాము. ఇంకో లోపం ఇప్పటికీ అలాగే ఉంది. వాట్సాప్ స్వయంగా చూపే మీటతో మన ప్రచార మెసేజ్‌లను ఆపుకున్నవారు వద్దన్నవారి గడిలోకి రారు. తరువాతిసారి పంపినప్పుడు `131050` కోడ్‌తో, చేరనివారి మధ్య కనిపిస్తారు. మేము ఇప్పుడు ప్రతిసారీ ఆ కోడ్ ఉన్న నంబర్లను ఏరి ఎస్సెమ్మెస్ జాబితా నుంచి కూడా తీసివేస్తున్నాము. అలా చేయకపోతే, వాట్సాప్‌లో వద్దన్న మనిషికి మరుసటి రోజే మన ఎస్సెమ్మెస్ వెళుతుంది.

ఇక ఆర్డర్ల గడి. మెసేజ్ అందిన మనిషి ఏడు రోజుల్లో ఏది కొన్నా, ఫోన్ చేసి కొన్నా, ఆ ఆర్డరును సేవ మెసేజ్ ఖాతాలో వేస్తుంది. ఆవకాయ మెసేజ్‌కు అలా 124 ఆర్డర్లు చూపింది. కానీ ఏప్రిల్‌లో గుంటూరు పచ్చడి కొనేవారు మెసేజ్ లేకపోయినా కొంటారు కదా. అందుకే ఆసారి జాబితాలో ప్రతి పదో పేరును పక్కన పెట్టి, ఆ 400 మందికి ఏమీ పంపలేదు. అదే ఏడు రోజుల్లో వారి నుంచి 9 ఆర్డర్లు వచ్చాయి. ఆ లెక్కన 3,600 మంది ఏ మెసేజ్ లేకుండానే 81 ఆర్డర్లు ఇచ్చి ఉండేవారు. పంపిన 3,600 మంది నుంచి వచ్చినవి మొత్తం 126. రెండు మార్గాల్లోనూ చేరని 90 మంది ఇచ్చిన రెండు ఆర్డర్లను కూడా ఇందులో కలిపాను, ఎందుకంటే పక్కన పెట్టిన 400లో కూడా చేరని నంబర్లు అదే పాళ్లలో ఉంటాయి. తేడా 45. మెసేజ్ వల్ల అదనంగా వచ్చినవి అవే.

9 అనేది చిన్న సంఖ్య, మరో ఇద్దరు కొని ఉంటే లెక్క మారిపోయేది. అందుకని, పక్కన పెట్టేవారిని మారుస్తూ, మరో రెండుసార్లు ఇలాగే చేసి మూడింటినీ కలిపాము: పంపని 1,200 మంది నుంచి 29 ఆర్డర్లు, పంపిన 10,800 మంది నుంచి 356. మెసేజ్ లేకపోయినా వచ్చేవి సుమారు 261, అదనం 95. ఒక ఆర్డరుపై మాకు 180 రూపాయలు మిగులుతాయి. మూడుసార్లకు అయిన ఖర్చు 10,200 రూపాయలు పోగా సుమారు 6,900 రూపాయలు నికరంగా మిగిలాయి. రిపోర్టును నమ్మి ఉంటే యాభై వేలకు పైగా మిగిలిందని అనుకునేవాళ్లము, నెలకు నాలుగుసార్లు పంపేవాళ్లము.

ఈ లెక్క చేయాలంటే ఫైలు దించుకోక తప్పదు. ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే నంబర్లు `9.19E+11` అని మారిపోతాయి, కాబట్టి ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా ఎంచుకోవాలి. సమయాలు యూటీసీలో ఉంటాయి, మన సమయం కావాలంటే అయిదున్నర గంటలు కలపాలి.

చేరని కారణాలను కోడ్‌తో సహా ఇవ్వడం, జవాబులన్నీ పూర్తి పాఠంతో దాచి ఉంచడం ఈ సేవలో నేను నిజంగా మెచ్చుకునే విషయాలు. అవి లేకపోతే పైన రాసినవేవీ మాకు తెలిసేవి కావు. కొంతమందిని పక్కన పెట్టి పోల్చే సౌకర్యం రిపోర్టులోనే ఇవ్వమని రెండుసార్లు అడిగాను, ఇంకా రాలేదు. ఈ ఏడాదికి చందా మళ్లీ కట్టాము. నెలకు ఒక్కసారే పంపుతున్నాము, ఎనిమిదో రోజు ఉదయం ఫైలు దించుకుని ఆర్డర్ల లెక్క మేమే వేసుకుంటున్నాము.