ఇన్‌స్టాగ్రామ్ పెయిడ్ పార్ట్‌నర్‌షిప్ లేబుల్: నాలుగేళ్లు వాడాక నా సమీక్ష

రీల్ మీద అకౌంట్ పేరు దగ్గర చిన్న అక్షరాల్లో "Paid partnership" అని కనిపిస్తుంది కదా, బ్రాండ్ ఏదో ఇచ్చి చేయించుకున్న పోస్ట్ ఇది అని చూసేవాళ్లకి చెప్పే ఆ లేబుల్ 2017 నుంచి ఉంది. నేను నాలుగేళ్లుగా వాడుతున్నాను. అది పెడితే రీచ్ పడిపోతుందని మొదట్లో నాకూ భయం ఉండేది. ఇన్నేళ్లలో లేబుల్ ఉన్న నా రీల్స్, లేని రీల్స్ దాదాపు ఒకేలా వెళ్లాయి. నాకు నిజంగా దెబ్బ తగిలింది లేబుల్ పెట్టకుండా వదిలేసిన ఒక్క రీల్‌తోనే.

అది ఒక టేబుల్ ల్యాంప్ రీల్. కంపెనీ వాళ్లు ల్యాంప్ ఉచితంగా పంపారు, డబ్బులేమీ ఇవ్వలేదు. నా కోడ్ వాడి ఎవరైనా కొంటే కొంత కమిషన్ అన్నారు. లేబుల్ పెడతానంటే, "వద్దండీ, న్యాచురల్‌గా ఉండనివ్వండి, మీరు సొంతంగా కొన్నట్టే చెప్పండి" అని మెసేజ్ పెట్టారు. డబ్బు తీసుకోలేదు కదా, ఇది పెయిడ్ ఎలా అవుతుందని నేనూ సరేనన్నాను. తప్పు అక్కడే జరిగింది. ఇన్‌స్టాగ్రామ్ రూల్ డబ్బు దగ్గర ఆగదు. విలువ ఉన్నది ఏది పుచ్చుకుని దాని గురించి పోస్ట్ పెట్టినా లేబుల్ ఉండాల్సిందే. ఉచిత వస్తువు, కమిషన్, ట్రిప్ ఖర్చు అన్నీ ఇందులోకే వస్తాయి. మన డబ్బుతో మనమే కొనుక్కుని, ఎవరితోనూ ఏ ఒప్పందమూ లేకుండా చెబితే మాత్రం లేబుల్ అక్కర్లేదు.

మూడో రోజు ఆ రీల్ ఇన్‌సైట్స్ తెరిచి చూశాను. మామూలుగా నా రీల్స్ చూసేవాళ్లలో సగానికి పైగా ఫాలోవర్లు కానివాళ్లే ఉంటారు. దీనికి వందలో తొమ్మిది మందే. మిగతా రీల్స్ అన్నీ బాగానే ఉన్నాయి. ఆ సాయంత్రమే నోటిఫికేషన్ వచ్చింది: ఇది లేబుల్ లేని బ్రాండెడ్ కంటెంట్‌లా ఉందని. సెట్టింగ్స్‌లో "Account Status" తెరిస్తే అదే రీల్ కనిపించింది. రీచ్ కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకోటి. బ్రాండెడ్ కంటెంట్ టూల్స్, అంటే కొత్త పోస్టులకి లేబుల్ పెట్టడం, యాడ్‌గా వాడుకోడానికి బ్రాండ్‌కి అనుమతి ఇవ్వడం, కొన్నాళ్లు ఆగిపోయాయి. ఆ వారమే ఇంకో బ్రాండ్‌కి రీల్ ఇవ్వాలి. లేబుల్ ఉండాలి, దాన్ని వాళ్లు యాడ్‌గా బూస్ట్ చేసుకునే అనుమతి ఇవ్వాలి అని ఒప్పందంలో రాసుంది. రెండూ చేయలేకపోయాను, ఆ పని చేజారింది. ఉచితంగా వచ్చిన ల్యాంప్ కోసం చేతిలో ఉన్న పని పోవడం నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

సరిచేయడం కష్టమేమీ కాదు. పోస్ట్ మీద మూడు చుక్కలు నొక్కి "Edit"లోకి వెళ్లి "Add paid partnership label" ఆన్ చేశాను, తర్వాత రివ్యూ కోరాను. కొన్నాళ్లకు స్టేటస్ క్లియర్ అయింది, టూల్స్ తిరిగొచ్చాయి. ఆ రీల్ మాత్రం లేవలేదు. రీల్‌ని కొత్తవాళ్ల ముందుకు తోసేది ఎక్కువగా మొదటి రోజుల్లోనే, అవి అప్పటికే అయిపోయాయి. అందుకే లేబుల్ పోస్ట్ చేసే ముందే పెట్టాలి.

రీచ్ తగ్గిన ప్రతిసారీ "నన్ను లిమిట్ చేశారు" అని టెన్షన్ పడకండి. ముందు అకౌంట్ స్టేటస్ చూడండి. అక్కడ ఏమీ లేకపోతే చాలావరకు ఆ రీల్ జనానికి నచ్చలేదనే అర్థం. నా రీల్స్‌లో అలా పోయినవి చాలానే ఉన్నాయి.

టూల్‌లో చిరాకులూ ఉన్నాయి. కొన్ని బ్రాండ్లు ముందు మనల్ని అప్రూవ్ చేస్తేనే వాళ్ల పేరు ట్యాగ్ అవుతుంది. శుక్రవారం సాయంత్రం పోస్ట్ చేయాల్సి ఉంటే, అవతల అప్రూవల్ నొక్కాల్సిన మనిషి సోమవారం దాకా దొరకడు. అలాంటప్పుడు నేను బ్రాండ్ పేరు లేకుండా లేబుల్ మాత్రం పెట్టి, పేరు తర్వాత కలుపుతాను. ఇంకోటి, కొలాబ్ పోస్ట్ పెట్టేశాం కాబట్టి సరిపోతుందని చాలామంది అనుకుంటారు. కొలాబ్ పని పోస్ట్‌ని రెండు అకౌంట్లలో చూపించడమే. క్యాప్షన్ చివర #ad రాసినా లేబుల్ పెట్టినట్టు కాదు. బూస్ట్ చేస్తారని తెలిస్తే సినిమా పాట కూడా వాడకండి, కాపీరైట్ సంగీతం ఉన్న రీల్ యాడ్‌గా వెళ్లదు.

లేబుల్ అక్షరాలు మరీ చిన్నవి, చాలామంది కంటికి ఆనవు. అందుకే వీడియో మొదట్లోనే "ఇది వాళ్లు ఉచితంగా పంపారు" అని నోటితో కూడా చెబుతాను. లేబుల్ వద్దనే బ్రాండ్లు ఇప్పటికీ వస్తుంటాయి. వాళ్లకి ఆ ఇన్‌సైట్స్ స్క్రీన్‌షాట్ పంపుతాను. కొందరు సరేనంటారు, కొందరు మళ్లీ రిప్లై ఇవ్వరు.