ఫోన్‌లో తీసిన వీడియో టీవీలో చూడాలంటే ఏది మేలు: మిర్రరింగా, క్యాస్టింగా, ఫైల్ పంపడమా?

మొన్న మాఘమాసంలో చెర్వుగట్టు జాతరకు వెళ్లినప్పుడు అగ్నిగుండాల దగ్గర ఏడు నిమిషాల వీడియో తీశాను. అప్పటికి ఇంకా తెల్లవారలేదు. అమ్మకు మోకాళ్ల నొప్పులు, గట్టు ఎక్కలేకపోయింది. నార్కట్‌పల్లి దగ్గర మా ఊరికి వచ్చాక, ఇంట్లో ఉన్న 32 అంగుళాల స్మార్ట్ టీవీలో ఆమెకు చూపిద్దామని ఫోన్‌లో స్క్రీన్ మిర్రరింగ్ పెట్టాను. బొమ్మ వెంటనే వచ్చింది. కానీ నిప్పుల మీద మనుషులు నడిచిన ప్రతిసారీ అది చిన్న చిన్న గళ్లుగా విడిపోయింది.

"మొకాలు కనవడ్తలేవు బిడ్డా, అంతా చెరిగినట్టున్నది" అన్నది అమ్మ.

అదే వీడియో ఫోన్‌లో అద్దంలా కనిపిస్తోంది. టీవీ పాతదైందేమో అనుకున్నాను. కానీ తప్పు టీవీది కాదు, నేను ఎంచుకున్న దారిది. ఫోన్ నుంచి టీవీకి వీడియో వెళ్లడానికి మూడు దారులున్నాయి. మూడింటినీ మనం "టీవీకి కనెక్ట్ చేయడం" అనే అంటాం గానీ, లోపల జరిగే పని మాత్రం మూడింటిలో మూడు రకాలు.

మిర్రరింగ్‌లో ఫోన్ మన వీడియోను పంపదు, తన స్క్రీన్‌ను పంపుతుంది. ముందు వీడియోను విప్పి తెర మీద ఆడిస్తుంది. ఆ తెరను అక్కడికక్కడే మళ్లీ కుదించి, వైఫై మీదుగా టీవీకి తోస్తుంది. ఇలా కుదించడానికి దానికి క్షణం కూడా తీరిక ఉండదు. సిగ్నల్ కొంచెం తగ్గితే నాణ్యత తగ్గించి నెట్టుకొస్తుంది. పగటి వెలుగులో కూర్చుని మాట్లాడే మనిషి వీడియో అయితే పెద్ద తేడా తెలియదు, ఎందుకంటే ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మారేది తక్కువ. చీకట్లో తీసిన వీడియోలో సన్నటి చుక్కలు మెరుస్తూ ఉంటాయి, మంట ఎగురుతుంటుంది, జనం కదులుతుంటారు. ప్రతి ఫ్రేమూ కొత్తదే కాబట్టి కుదించడం కష్టం. అందుకే గళ్లు. జాతర, బతుకమ్మ, రాత్రి బారాత్ లాంటి వీడియోలకు మిర్రరింగ్ అందుకే సరిపడదు.

మిర్రరింగ్‌కు ఎక్కువ ఆండ్రాయిడ్ ఫోన్లు, మామూలు టీవీలు వాడే పద్ధతి పేరు మిరాకాస్ట్. 2012లో వచ్చింది. ఫోన్, టీవీ నేరుగా మాట్లాడుకుంటాయి కాబట్టి రౌటర్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అసలే అక్కర్లేదు. ఫోన్‌ను బట్టి సెట్టింగ్స్‌లో Smart View, Cast, Screencast లాంటి పేర్లతో ఉంటుంది. టీవీలో Screen Mirroring లేదా Miracast అని వెతకాలి. పిక్సెల్ ఫోన్లలో మిరాకాస్ట్ లేదు, ఐఫోన్‌లోనూ లేదు. ఐఫోన్ వాళ్లకు ఆపిల్ సొంత పద్ధతి ఎయిర్‌ప్లే ఉన్న టీవీ కావాలి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్లే స్టోర్‌లో "స్క్రీన్ మిర్రరింగ్" అని కొడితే వరసగా వచ్చే యాప్‌లలో చాలావాటికి సొంత పని ఏమీ లేదు. మీ ఫోన్‌లో ముందే ఉన్న సెట్టింగ్‌నే తెరిచి చూపిస్తాయి, మధ్యలో ప్రకటనలు పెడతాయి. కొన్ని వారానికింత అని డబ్బు అడుగుతాయి. మా చిన్నాయన ఫోన్‌లో ఇలాంటివి మూడు కనిపించాయి. మూడూ తీసేసి, నోటిఫికేషన్ పరదా కిందికి లాగి అందులోని బటన్ చూపించాను. ఫోన్‌లో ఆ సౌకర్యమే లేకపోతే ఇలాంటి యాప్ దాన్ని తెచ్చిపెట్టలేదు.

రెండో దారి క్యాస్టింగ్. ఇందులో ఫోన్ వీడియోను పంపదు, దాని చిరునామా పంపుతుంది. టీవీ ఆ చిరునామా పట్టుకొని ఇంటర్నెట్ నుంచి తానే వీడియో తెచ్చుకుంటుంది. ఫోన్ వట్టి రిమోట్. మీరు ఫోన్ మాట్లాడుకున్నా, ఆఫ్ చేసినా టీవీలో ఆట ఆగదు. నాణ్యత కూడా పూర్తిగా వస్తుంది. యూట్యూబ్‌కు, ఓటీటీలకు ఇదే సరైన దారి. ఓటీటీ సినిమాను మిర్రరింగ్‌లో పెడితే చాలాసార్లు మాట వినపడుతుంది, తెర నల్లగా ఉంటుంది. అది పాడవడం కాదు, కాపీ కాకుండా ఆ యాప్ వేసుకున్న తాళం.

టీవీ ఆండ్రాయిడ్ టీవీ కాకపోయినా యూట్యూబ్‌కు ఇబ్బంది లేదు. టీవీలోని యూట్యూబ్ సెట్టింగ్స్‌లో Link with TV code నొక్కితే ఒక నంబర్ వస్తుంది. దాన్ని ఫోన్ యూట్యూబ్‌లో Watch on TV దగ్గర కొట్టాలి. ఫోన్, టీవీ ఒకే వైఫైలో ఉండాల్సిన పని కూడా లేదు. కానీ టీవీకి ఇంటర్నెట్ కావాలి. ఊళ్లో అది మన హాట్‌స్పాట్ నుంచే వస్తుంది కాబట్టి, అప్పుడు మాత్రం ఫోన్ ఆఫ్ చేయకూడదు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ ఉన్నవాళ్లు టీవీలో క్వాలిటీని 480కి తగ్గించుకోవాలి. 1080లో వదిలేస్తే గంట గడవకముందే ప్యాక్ అయిపోవచ్చు.

అయితే నా అగ్నిగుండాల వీడియో ఇంటర్నెట్‌లో లేదు, నా ఫోన్‌లో ఉంది. దానికి పనికొచ్చింది మూడో దారి: ఫైల్‌ను ఉన్నదున్నట్టు టీవీకి అందించడం. దీన్ని డీఎల్‌ఎన్‌ఏ అంటారు. పాత పద్ధతే, 2003లో మొదలైంది. మామూలు స్మార్ట్ టీవీల్లో చాలావాటిలో ఉంటుంది, కానీ ఎవరూ వాడరు. ఫోన్‌లో BubbleUPnP గానీ Web Video Caster గానీ వేసుకుని, అందులో టీవీ పేరు ఎంచుకుని, వీడియో నొక్కితే చాలు. ఫోన్ దాన్ని విప్పదు, మళ్లీ కుదించదు. కెమెరా రాసిన ఫైలే టీవీకి వెళ్తుంది, విప్పే పని టీవీ చేసుకుంటుంది.

మొదట దీన్ని నల్లగొండలోని మా ఇంట్లో, రౌటర్ మీద ప్రయత్నించాను. బొమ్మ చక్కగా ఉంది, కానీ పది సెకన్లకోసారి ఆగింది. ఎందుకో లెక్క కడితే తెలిసింది. ఫైల్ సుమారు 900 ఎంబీ, నిడివి ఏడు నిమిషాలు, అంటే 420 సెకన్లు. ఒక బైటుకు ఎనిమిది బిట్లు కాబట్టి 900ను ఎనిమిదితో గుణించి 420తో భాగిస్తే సెకనుకు సుమారు 17 మెగాబిట్లు. చవక టీవీల వైఫై తరచుగా 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే పట్టుకుంటుంది. పక్కింటి రౌటర్ల రద్దీలో దాని నుంచి నిజంగా దక్కేది 30, 40 మెగాబిట్లయితే గొప్ప. ఫోన్ కూడా అదే 2.4లో ఉంటే ప్రతి ముక్కా గాలిలో రెండుసార్లు ప్రయాణించాలి, ఫోన్ నుంచి రౌటర్‌కు ఒకసారి, రౌటర్ నుంచి టీవీకి ఇంకోసారి. అంటే దక్కినదాంట్లో సగమే మిగులుతుంది. 17 కావలసిన చోట 15 వస్తే ఆగక ఏం చేస్తుంది?

ఫోన్‌ను మాత్రం అదే రౌటర్ 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాను. ఆగడం పోయింది. ఒక జాగ్రత్త: ఫోన్‌ను గెస్ట్ వైఫైకి కలిపితే యాప్‌లో టీవీ పేరే కనిపించదు. గెస్ట్‌లో ఉన్నవి మిగతావాటితో మాట్లాడకుండా రౌటర్ అడ్డుకుంటుంది.

ఊళ్లో రౌటర్ లేదు కాబట్టి ఫోన్ హాట్‌స్పాట్‌కే టీవీని కలిపాను. ఫోన్ నుంచి టీవీకి ఒకటే ప్రయాణం, కాబట్టి ఇది ఇంకా బాగా నడిచింది. హాట్‌స్పాట్ బ్యాండ్‌ను 2.4కు పెట్టాలి. 5లో ఉంటే పాత టీవీకి ఆ పేరే కనిపించదు. టీవీ చేరాక మొబైల్ డేటా ఆపేశాను. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో డేటా ఆపినా హాట్‌స్పాట్ నిలుస్తుంది, ఫైల్ పంపడానికి ఇంటర్నెట్‌తో పని లేదు. డేటా ఆన్‌లో ఉంటే టీవీ తన అప్‌డేట్లకు మన ప్యాక్ వాడేసుకుంటుంది.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. నాలుగో నిమిషంలో వీడియో ఆగిపోయింది. ఫోన్ తెర ఆరిపోవడంతో బ్యాటరీ ఆదా పేరుతో ఫోన్ ఆ యాప్‌ను మూసేసింది. యాప్ బ్యాటరీ సెట్టింగ్‌లో Unrestricted పెట్టాక మళ్లీ అలా కాలేదు. క్యాస్టింగ్‌లో ఫోన్ ఆరిపోయినా పరవాలేదు గానీ, ఇక్కడ ఫైల్ ఇస్తున్నది ఫోనే కాబట్టి అది మేల్కొని ఉండాలి.

ఈసారి అమ్మకు ముఖాలు కనిపించాయి. నిప్పుల పక్కన నిలబడ్డ మా మేనత్తను ఆమే ముందు గుర్తుపట్టి, వీడియో మళ్లీ పెట్టమన్నది.

అయితే మూడో దారికీ ఒక హద్దు ఉంది, అది బావ ఫోన్‌తో తెలిసింది. ఆయన అదే చోట తీసిన వీడియో పెడితే టీవీలో మాట వినిపించింది, బొమ్మ రాలేదు. కొన్ని టీవీలైతే ఫార్మాట్ సపోర్ట్ లేదని ముందే చెప్పేస్తాయి. ఆయన ఫోన్ చోటు ఆదా కోసం హెచ్‌ఈవీసీ అనే కొత్త పద్ధతిలో రాస్తోంది. దీన్నే హెచ్.265 అని కూడా అంటారు. మా టీవీకి దానికంటే పాతదైన హెచ్.264 వరకే వచ్చు. ఫైల్ ఉన్నదున్నట్టు వెళ్తుంది కాబట్టి, టీవీకి రాని పద్ధతిని ఫోన్ మార్చి ఇవ్వదు. అక్కడ మిర్రరింగే అక్కరకొచ్చింది, ఎందుకంటే అందులో విప్పేది ఫోన్. ఫోన్‌లో ఆడేదేదైనా టీవీలో కనిపిస్తుంది, నాణ్యత తగ్గినా సరే. గళ్లు తగ్గడానికి బావ ఫోన్‌ను టీవీకి ఒక గజం దూరంలో పెట్టాను, కొంత నయమైంది. నోటిఫికేషన్లు రాకుండా డోంట్ డిస్టర్బ్ కూడా పెట్టాలి. లేకపోతే వాట్సాప్ మెసేజ్, బ్యాంకు ఓటీపీ అన్నీ చుట్టాల ముందు టీవీలో పడతాయి.

వాట్సాప్‌లో వచ్చిన వీడియోలకు మాత్రం మిర్రరింగ్ పెట్టినా, ఫైల్ పంపినా పెద్ద తేడా ఉండదు. అవి సాధారణంగా ముందే బాగా కుదించి వస్తాయి, ఏ దారిలో పంపినా అంతకంటే స్పష్టత రాదు.

మీ వీడియో ఏ రకమో చూడాలంటే ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో వీడియో భాగం తెరవండి. High efficiency video, HEVC లేదా H.265 అని ఆన్‌లో ఉంటే ఆపండి. ఫైల్ పెద్దదవుతుంది, కానీ దాదాపు ఏ టీవీలోనైనా ఆడుతుంది. 4కే కూడా వద్దు. 32 అంగుళాల మామూలు టీవీలో ఆ తేడా కనిపించదు, ఆ ఫైల్‌ను 2.4 వైఫై మోయలేదు. ఇవి ఇకముందు తీసేవాటికే వర్తిస్తాయి, తీసేసినవి మారవు. అందుకే వచ్చే మాఘం దాకా ఆగకుండా, ఆ రాత్రే బావ ఫోన్ తీసుకుని ఆ రెండు సెట్టింగ్‌లూ మార్చేశాను.