ఇడ్లీ కుక్కర్లో కూరగాయలు: ఏళ్ల తరబడి వాడాక నా రివ్యూ

ఇడ్లీ కుక్కర్లో చిల్లుల ప్లేటేసి కూరగాయలు ఆవిరికి పెట్టడం మొదలెట్టి చాలా ఏళ్లయింది, అంతకుముందు విజయవాడలో అందరిళ్లలోలాగే మా ఇంట్లో కూడా బీన్స్ అయినా క్యాబేజీ అయినా నీళ్లలో ఉడికించి వార్చేసి తాలింపు పెట్టడమే. ఇప్పటికీ రెండూ వాడుతున్నా. ఆవిరి మంచిదే, కానీ అన్నిటికీ కాదు, మూత పెట్టి వదిలేసేవాళ్లకి అసలు కాదు.

బీన్స్ సంగతి చెప్తా, తేడా బాగా తెలిసేది అందులోనే. పటమట రైతు బజార్లో లేతవి కనిపిస్తే ఓ పావుకిలో తెచ్చి, ముందు కడిగి ఆ తర్వాతే అంగుళం ముక్కలు తుంచుతా, ఎందుకంటే విటమిన్ సి, బి రకాలు నీళ్లలో కరిగేవి, తుంచాక కడిగితే ఆ తెగిన చోట నుంచే పోవడం మొదలవుతుంది. కింద నీళ్లు తెర్లాకే ముక్కలు పరచాలి, చన్నీళ్ల మీద పెడితే టైమ్ లెక్క అందదు. నిమిషం తిరక్కుండానే రంగు నిగనిగలాడిపోతుంది, అది ఉడికినందుకు కాదండీ, కాయ లోపల సందుల్లో ఉన్న గాలి బయటికి పోయి అసలు పచ్చదనం కనిపిస్తుంది అంతే. అయిదారు నిమిషాలకి గోరు గుచ్చితే దిగాలి, కానీ ముక్క వంచితే నలిగిపోకూడదు. అప్పుడే దించి పళ్లెంలో పలచగా ఆరబోయాలి, గిన్నెలో కుప్పగా ఉంచితే ఆ వేడికే ఇంకా ఉడికిపోతాయి.

అలా కాకుండా ఇంకో అయిదారు నిమిషాలు వదిలేశారనుకోండి, ఖాకీ రంగుకి తిరుగుతాయి. కాయలో సహజంగా ఉండే ఆమ్లాలు వేడికి బయటికొచ్చి, పత్రహరితంలో ఉన్న మెగ్నీషియంని తప్పించేస్తాయి, దాంతో పచ్చదనం చస్తుంది. గోంగూర చూడండి, బాండీలో పడ్డ కాసేపటికే రంగు పోతుంది, దాని పులుపే దాని రంగు తీసేస్తుంది. ఇక్కడే ఆవిరికి ఒక మైనస్ ఉంది, మూత బిగించి ఉంటుంది కాబట్టి ఆవిరితో లేచిన ఆమ్లాలు మూతకి తగిలి చుక్కలుగా మళ్లీ ముక్కల మీదే పడతాయి. మూత లేకుండా ఎక్కువ నీళ్లలో ఉడికిస్తే అవి నీళ్లలో పలచబడి, కొంత గాల్లోకి పోతాయి. అందుకని ఒక్క రంగే చూస్తే మూత తీసి గబగబా ఉడికించిన బీన్స్ ఏం తీసిపోవు. నేనైతే మధ్యలో ఒకసారి మూత తీసి దాని లోపలి తడి తుడిచి పెడతా. కొంతమంది చిటికెడు వంటసోడా వేస్తారు, రంగు నిలబడుతుంది నిజమే, కానీ ముక్క జావైపోతుంది, ఉన్న విటమిన్ సి కూడా పోతుంది.

పోషకాల్లో, రుచిలో మాత్రం ఆవిరిదే పైచేయి. నమ్మకపోతే వార్చిన నీళ్లు ఒక గుక్క తాగి చూడండి, పచ్చపచ్చగా, కాస్త తియ్యగా బీన్స్ వాసనొస్తుంది, అంటే ఆ తీపి, ఆ విటమిన్లు కూరలోంచి పోయినట్టే. ఆవిరికి పెట్టినప్పుడు కింద మిగిలే నీళ్లు దాదాపు తేటగానే ఉంటాయి. ఉడకపెట్టడం తప్పనప్పుడు ఆ నీళ్లు నేను చారులోకో పప్పులోకో పోసేస్తా. వేడికి పోయే విటమిన్ సి ఎలాగూ కొంత పోతుంది, మిగతాదైనా దక్కుతుంది.

ఇంకో మైనస్, ఉప్పు పట్టదు. మొదట్లో మా అత్తగారు "ఏమ్మా, పైపైన ఉప్పగా ఉంది, లోపల చప్పగా ఉంది" అనేవారు, ఆవిడ అన్నదాంట్లో తప్పేం లేదు. ఇప్పుడు ముక్కలు వేడిగా ఉన్నప్పుడే మెత్తటి ఉప్పు చల్లి కలిపి, అయిదు నిమిషాలాగి తాలింపులో వేస్తున్నా, చాలా నయం. ప్లేటు మీద ముక్కలు మందంగా పోసినా ఇబ్బందే, కిందవి మెత్తబడతాయి పైవి పచ్చిగా ఉంటాయి, మనుషులెక్కువుంటే రెండు వాయిలు తప్పవు.

క్యారెట్ దగ్గర పెద్ద తేడా లేదు, దాంట్లో కెరోటిన్ నీళ్లలో కరగదు, నూనె తగిలితేనే ఒంటికి బాగా పడుతుంది కాబట్టి తాలింపు మానకండి చాలు. బీట్‌రూట్ రంగు నీళ్లలో కరిగేదే, తొక్కతో కాయపళంగా ఆవిరికి పెట్టాలి, అరగంట పైనే పడుతుంది, కింద నీళ్లు ఇంకిపోకుండా చూసుకోవాలి.

పాలకూరకి నా ఓటు ఉడకపెట్టడానికే, ముఖ్యంగా కిడ్నీలో రాళ్లొచ్చినవాళ్లుంటే, ఆ రాళ్లకి కారణమయ్యే ఆక్సలేట్లలో నీళ్లలో కరిగే భాగం వార్పుతో పోతుంది, ఆవిరిలో అంతగా పోదు. ఆ నీళ్లు మాత్రం పారబోయాల్సిందే, చారులో పొయ్యొద్దు. కాకరకాయ, గోరుచిక్కుడు కూడా అంతే, ఆ చేదూ వగరూ నీళ్లలోకి దిగితేనే మా పిల్లలు ముట్టుకుంటారు, ఆవిరి మీద చేసిన గోరుచిక్కుడు మా ఇంట్లో ఎవరూ రెండో ముద్ద తినలేదు.