చెరిపేసిన వాట్సాప్ సందేశం ఫోన్‌లో మిగిలే చోటు: నోటిఫికేషన్ హిస్టరీపై నా సమీక్ష

మాది పర్లాకిమిడి. మిఠాయిలకు కావలసిన జీడిపప్పు, కిస్‌మిస్, యాలకులు అమ్మే దుకాణం నడుపుతున్నాను. పప్పు పలాస నుంచి వస్తుంది. ధరలన్నీ వాట్సాప్ గ్రూపుల్లోనే తిరుగుతాయి. ఒక్కోసారి ధర పెట్టినవారే కాసేపటికి దాన్ని చెరిపేస్తారు. గ్రూపు తెరిచేసరికి ‘ఈ సందేశం తొలగించబడింది’ అన్న మాటే కనిపిస్తుంది. అందుకే ఫోన్‌కు వచ్చిన నోటిఫికేషన్లను రాసిపెట్టి తర్వాత చూపించే ఆండ్రాయిడ్ సౌకర్యం, నోటిఫికేషన్ హిస్టరీని కొన్నేళ్లుగా ఆన్‌లో ఉంచుకున్నాను. ఇది ఎంతవరకు పనికొస్తుందో, ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో ఇప్పుడు నిక్కచ్చిగా చెప్పగలను.

ఈ సౌకర్యం 2020లో ఆండ్రాయిడ్ 11తో వచ్చింది. మొదట ఆఫ్‌లోనే ఉంటుంది. Settings లో Notifications, అందులో Notification history తెరిచి, Use notification history అన్న మీటను నొక్కాలి. శాంసంగ్‌లో ఇది Advanced settings లోపల ఉంటుంది. ఇతర కంపెనీల ఫోన్లలో చోటు మారుతుంది కాబట్టి సెట్టింగ్స్ పైనున్న వెతుకుడు పెట్టెలో ఆ పేరు కొట్టడం సులువు. ఆన్ చేసిన క్షణం నుంచి వచ్చినవే నమోదవుతాయి. గొడవ వచ్చాక హడావిడిగా ఆన్ చేస్తే అంతకు ముందు చెరిపినది దొరకదు. ఈ సంగతి తెలియక చాలామంది నిరాశ పడతారు.

వాట్సాప్ చెరిపిన మాట ఫోన్‌లో ఎలా మిగులుతుందో అర్థమైతే మిగతాదంతా తేలికవుతుంది. సందేశం రాగానే వాట్సాప్ దాన్ని తెర మీద చూపించమని ఆండ్రాయిడ్‌కు అప్పగిస్తుంది. హిస్టరీ ఆన్‌లో ఉంటే ఆండ్రాయిడ్ దాన్ని చూపించడంతో పాటు, పంపినవారి పేరు, పాఠం, సమయం తన దగ్గర ఒక ప్రతి రాసుకుంటుంది. తర్వాత అవతలివారు ‘అందరికీ డిలీట్ చేయి’ అన్నప్పుడు ఆ ఆదేశం వాట్సాప్‌కు చేరుతుంది. వాట్సాప్ తన చాట్‌లో పాఠం తీసేస్తుంది, పైన కనిపించే నోటిఫికేషన్‌ను కూడా వెనక్కి తీసుకుంటుంది లేదా మార్చేస్తుంది. ఆండ్రాయిడ్ రాసుకున్న ప్రతి మాత్రం వాట్సాప్ చేతిలో లేదు. పోస్టు చేసిన ఉత్తరాన్ని వెనక్కి తెప్పించుకున్నా, తపాలా బంట్రోతు చదివేసిన పైకవరు ఆయన జ్ఞాపకంలో ఉండిపోయినట్టు ఇది. సందేశాన్ని చెరపకుండా సవరించినా ఇదే వర్తిస్తుంది. వాట్సాప్‌లో పంపిన పదిహేను నిమిషాల లోపు సవరించుకోవచ్చు. పాత అంకె మీ ఫోన్‌కు నోటిఫికేషన్‌గా వచ్చి ఉంటే, చాట్‌లో కొత్త అంకె ఉన్నా హిస్టరీలో పాతది కనిపిస్తుంది.

అయితే ఈ ప్రతికి ఆయుష్షు సుమారు ఇరవై నాలుగు గంటలే. వాట్సాప్‌లో పంపిన సందేశాన్ని అందరికీ చెరిపేందుకు రెండు రోజులకు పైగా గడువు ఉంది. నిన్న పొద్దున్న వచ్చిన ధరను ఈ సాయంత్రం చెరిపితే, నేను హిస్టరీ తెరిచేసరికి అది కూడా పోయి ఉంటుంది. కాబట్టి ముఖ్యమైన ధర కనిపిస్తే అప్పుడే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం నా అలవాటు.

జీడిపప్పు సీజనులో జరిగిన ఒక సంగతి దీని బలాన్నీ బలహీనతనూ రెండింటినీ చూపిస్తుంది. ఉదయం కౌంటరు దగ్గర బిల్లు రాస్తుండగా ఫోన్ మీద పలాస దళారి గారి మాట మెరిసింది. కొనుగోలుదారుతో మాట్లాడుతున్నాను కాబట్టి గ్రూపు తెరవలేదు. తర్వాత చూస్తే అక్కడ తొలగించిన గుర్తు మాత్రమే ఉంది. మధ్యాహ్నం ఆయనే నిండు పప్పులో 320 రకానికి కిలో 840 రూపాయలు అని పెట్టారు. నేను హిస్టరీలోకి వెళ్లాను. వాట్సాప్ పేరు కింద నొక్కితే వరుసగా తెరుచుకున్న వాటిలో 9:40కి ‘760 ఖాయం, పది డబ్బాలు’ అని ఉంది. మా దుకాణంలో ఉన్నవారంతా ఆయన ఉదయం 320ని 760కి ఇస్తానని మాట ఇచ్చి వెనక్కి తగ్గారనే అనుకున్నారు. కిలోకు ఎనభై రూపాయల తేడా, పది డబ్బాలంటే వంద కిలోలు. ఎనిమిది వేల రూపాయల మాట.

నాకు ఒక అనుమానం వచ్చింది. ఆ పాఠంలో రకం పేరు లేదు. వాట్సాప్‌లో మనం ఒకరి సందేశానికి జవాబుగా రాసినప్పుడు ఆ పాత సందేశం జవాబు పైన చిన్న పెట్టెలో కనిపిస్తుంది కదా, అది నోటిఫికేషన్‌లో రాదు. కాబట్టి హిస్టరీలోనూ ఉండదు. జవాబు ఒంటరిగా, దేనికి చెప్పిందో తెలియకుండా నిలబడుతుంది. చెరిపిన సందేశానికి చాట్‌లో ఖాళీ గుర్తు మిగులుతుంది, దాని పక్కన పంపిన సమయం కూడా ఉంటుంది. ఆ గుర్తు సమయం 9:40. దానికి సరిగ్గా పైన, 9:38కి, వేరే వ్యాపారి ‘బద్ద ఎంతకు ఇస్తారు’ అని అడిగిన ప్రశ్న అలాగే ఉంది. దాన్ని ఎవరూ చెరపలేదు. బద్ద అంటే రెండుగా చీలిన పప్పు, నిండు పప్పు కన్నా చవక. 760 ధర బద్దకు సరిపోతుంది, 320కి సరిపోదు.

దళారి గారికి ఫోన్ చేసి, ‘పొద్దున్న బద్ద ధర గ్రూపులో పెట్టి తీసేశారా?’ అని అడిగాను. ‘అవునండి, అడిగినాయనకు విడిగా పంపాల్సింది గ్రూపులో పడింది. మిగతావారు కూడా అదే ధర అడుగుతారని తీసేశాను’ అన్నారు. ఆయన మాటకు చాట్‌లోని సమయం సాక్ష్యంగా ఉంది. హిస్టరీ ఒక్కటే చూసి వాదనకు దిగి ఉంటే, ఏళ్ల తరబడి నమ్మకంగా సరుకు ఇస్తున్న మనిషిని మాట తప్పినవాడిగా నిందించే పరిస్థితి వచ్చేది. అందుకే నా గట్టి అభిప్రాయం: హిస్టరీలో దొరికిన పాఠాన్ని ఎప్పుడూ చాట్‌లోని ఖాళీ గుర్తు సమయంతో, దాని చుట్టూ మిగిలిన సందేశాలతో కలిపే చదవాలి.

సమయాల విషయంలో ఒక జాగ్రత్త. హిస్టరీ చూపేది నోటిఫికేషన్ మన ఫోన్‌కు చేరిన సమయం. ఉదయగిరి వైపు కొండదారిలో వెళ్తే సిగ్నల్ పోతుంటుంది. మళ్లీ వచ్చినప్పుడు ఒకేసారి కుప్పగా దిగిన సందేశాలకు హిస్టరీలో ఒకే సమయం పడుతుంది, చాట్‌లో మాత్రం పంపిన సమయాలే ఉంటాయి. అలా గుంపుగా వచ్చినప్పుడు మరో నష్టం కూడా ఉంది. హిస్టరీ ఒక్కో నోటిఫికేషన్ నుంచి చివరి సందేశాన్ని తీసి పెట్టుకుంటుంది. ఐదు సందేశాలు ఒకే నోటిఫికేషన్‌గా దిగితే మధ్యవి దొరకవు. సిగ్నల్ లేని సమయంలోనే పంపి చెరిపేసినదైతే అసలు నోటిఫికేషనే రాదు, హిస్టరీలో ఏమీ ఉండదు.

మొదట్లో నన్ను చికాకు పెట్టిన మరో లోటు బిల్లింగ్ కంప్యూటర్ దగ్గరిది. అక్కడ వాట్సాప్ వెబ్ తెరిచి గ్రూపు చూస్తుండగా వచ్చిన సందేశాలు ఫోన్‌లో మోగవు, హిస్టరీలో నమోదు కావు. ఫోన్‌లోనే ఆ చాట్ తెరిచి ఉన్నా అంతే. మ్యూట్ చేసిన గ్రూపులవి నా ఫోన్‌లో ఎప్పుడూ కనిపించలేదు. నోటిఫికేషన్ పుట్టనిదే హిస్టరీ పుట్టదని గుర్తుంచుకుంటే ఈ లోట్లన్నీ ముందే ఊహించవచ్చు. ఫొటో పంపి చెరిపితే ‘ఫొటో’ అన్న గుర్తు, దాని కింద రాసిన మాట మాత్రమే మిగులుతాయి. సరుకు ఫొటో, గొంతు సందేశం తిరిగి రావు. తెలుగు, ఒడియా, హిందీ ఏ లిపిలో వచ్చినా పాఠం మాత్రం చక్కగా కనిపిస్తుంది. మా ఊళ్లో మూడూ వస్తాయి కాబట్టి ఇది నాకు విలువైనది.

చెరిపిన సందేశాలు చూపిస్తామనే విడి యాప్‌లు చాలా ఉన్నాయి. వాటిని వాడవద్దని అడిగిన ప్రతి ఒక్కరికీ చెబుతాను. అవి అడిగే Notification access అనుమతి ఇస్తే ఫోన్‌కు వచ్చే నోటిఫికేషన్లన్నీ వాటికి కనిపిస్తాయి, బ్యాంకు సందేశాలతో సహా. ఆండ్రాయిడ్ 15 నుంచి ఓటీపీలను ఇలాంటి యాప్‌లకు కనబడకుండా దాచే ఏర్పాటు ఉన్నా, మిగిలిన మాటలన్నీ వెళ్తూనే ఉంటాయి. ఇరవై నాలుగు గంటలకు మించి దాచుకోవాలనే ఆశకు ఇంత మూల్యం తగదు.

ఆండ్రాయిడ్ సొంత హిస్టరీలోనూ ప్రమాదం ఉంది. లాక్ తెరపై సందేశాలు కనిపించకుండా దాచినా హిస్టరీలో పాఠం ఉంటుంది. ఓటీపీ, ఖాతా నిల్వ, ఇంట్లోవారి మాటలు అన్నీ ఒక్కచోట, ఫోన్ తెరిచిన ఎవరికైనా చదవడానికి సిద్ధంగా ఉంటాయి. దుకాణంలో పనివారి చేతుల మీదుగా తిరిగే రెండో ఫోన్‌లో అందుకే దీన్ని ఆఫ్ చేశాను. ఆఫ్ చేస్తే అప్పటిదాకా పేరుకున్నది కూడా చెరిగిపోతుంది. ఆ ఫోన్‌లో సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ కూడా ఉంది. అందులో నోటిఫికేషన్‌కు పేరు మాత్రమే చూపమని పెట్టుకోవచ్చు. అప్పుడు హిస్టరీ ఆన్‌లో ఉన్నా దానికి చేరేది పేరే. వాట్సాప్‌లో లాక్ చేసిన చాట్‌లకు కూడా నోటిఫికేషన్‌లో పేరు, పాఠం రెండూ దాగుతాయి.

ఇవన్నీ అందుకునేవారి ఫోన్‌లోని అమరికలు. పంపినవారికి వాటి మీద ఏ అధికారమూ లేదు. అందుకే నేనే ఒక సందేశం చెరిపినప్పుడు, అవతలివారి ఫోన్‌లో అది ఇంకో రోజు చదవడానికి వీలుగా ఉండవచ్చని ముందే లెక్కలోకి తీసుకుంటాను. ధర పొరపాటున వెళ్తే చెరిపి ఊరుకోను. వెంటనే ఫోన్ చేసి, ‘ఇందాకటిది మీకు కాదు, బద్ద ధర’ అని చెప్పేస్తాను. మా దళారి గారు కూడా ఇప్పుడు గ్రూపులో ధర పెడితే ముందు రకం పేరు రాస్తున్నారు.